గుండ్రటి పార్కుకు అయ్యే ఖర్చు: కంచె ఒక లెక్క, బాట ఒక లెక్క, మట్టిది మరో లెక్క

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి గణిత పుస్తకంలో చాలా ఏళ్లపాటు ఒక ఉదాహరణ ఉండేది. గుండ్రటి పొలం చుట్టూ మీటరుకు 24 రూపాయల చొప్పున కంచె వేస్తే 5,280 రూపాయలైంది. అదే పొలాన్ని చదరపు మీటరుకు అర్ధరూపాయి చొప్పున దున్నిస్తే ఎంతవుతుంది? 5,280ని 24తో భాగిస్తే చుట్టుకొలత 220 మీటర్లు. దాన్నుంచి వ్యాసార్ధం 35 మీటర్లు, వైశాల్యం 3,850 చదరపు మీటర్లు వస్తాయి. దున్నడానికి 1,925 రూపాయలు. కంచె ఖర్చు ఒక్కటి తెలిస్తే చాలు, పొలం మొత్తం లెక్కలోకి వచ్చేసింది.

ఆ పొలాన్నే ఒక కాలనీ పార్కు అనుకుందాం. 3,850 చదరపు మీటర్లంటే మన కొలతలో 4,600 గజాల పైచిలుకు, ఎకరానికి కాస్త తక్కువ. చుట్టూ ఇనుప జాలీతో కంచె వేయాలి. లోపల నడవడానికి మూడున్నర మీటర్ల వెడల్పున బాట పరచాలి. బాట లోపలి జాగాను పచ్చిక కోసం చదును చేయాలి. ఈ మూడు పనులకూ కాలనీ సంఘం కొటేషన్లు పిలిస్తే ఒకరు చెప్పిన మొత్తానికీ ఇంకొకరు చెప్పిన మొత్తానికీ లక్షల్లో తేడా కనిపిస్తుంది. రేట్లు వేరు కావడం అందుకు ఒక కారణం మాత్రమే. ఎవరు ఏ గీత దగ్గర కొలిచారు, ఏ కొలమానంలో కొలిచారు అన్నది అంతకన్నా పెద్ద కారణం. కంచెను పొడవుతో కొలుస్తారు. బాటను వైశాల్యంతో కొలుస్తారు. చదునును పాఠ్యపుస్తకం వైశాల్యంతోనే లెక్కగట్టిస్తుంది గానీ, మట్టి తోలే చోట అది ఘనపరిమాణం.

రేట్ల సంగతి ముందే చెప్పుకోవాలి. ప్రభుత్వ పనులకు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఎస్‌ఎస్‌ఆర్ అనే అధికారిక రేట్ల పట్టిక ఉంటుంది. ప్రైవేటు పనుల్లో రేటు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారిపోతుంది. అందుకే ఇక్కడ వాడే రేట్లన్నీ లెక్క నడవడానికి అనుకున్నవే. కంచెకు మీటరుకు 1,200 రూపాయలు, బాటకు చదరపు మీటరుకు 800, బాట అంచు రాళ్లకు మీటరుకు 400, మట్టి పోసి అణచడానికి క్యూబిక్ మీటరుకు 400. పాఠకులు తమ ఊరి రేట్లు వేసుకుంటే జవాబు మారుతుంది, పద్ధతి మారదు.

మొదట తేలాల్సింది వ్యాసార్ధం. ఖాళీ స్థలమైతే మధ్యలో మేకు కొట్టి టేపు పట్టుకుని తిరిగితే సరిపోతుంది. కానీ చాలా పార్కుల్లో సరిగ్గా మధ్యలోనే ఒక విగ్రహమో పాత వేపచెట్టో నీళ్ల ట్యాంకో ఉంటుంది. అప్పుడు కేంద్రం జోలికి పోకుండానే వ్యాసార్ధం పట్టవచ్చు. సరిహద్దు మీద రెండు చోట్ల మేకులు కొట్టి వాటి మధ్య తాడును బిగుతుగా లాగాలి. తాడు సరిగ్గా సగంలో నిలబడి, అక్కడినుంచి లంబంగా సరిహద్దు వంపు దాకా ఎంత దూరముందో కొలవాలి. మన పార్కులో తాడు పొడవు 42 మీటర్లయితే ఆ దూరం 7 మీటర్లు వస్తుంది. తాడు పొడవును వర్గం చేస్తే 1,764. దాన్ని 7కు ఎనిమిది రెట్లయిన 56తో భాగిస్తే 31.5. దానికి 7లో సగం 3.5 కలిపితే 35.

ఇక్కడ చిన్న తాడుతో పని కానిచ్చేయాలని చూస్తే దెబ్బతింటారు. 20 మీటర్ల తాడు వేస్తే వంపు దూరం మీటరున్నర లోపే వస్తుంది. అందులో 5 సెంటీమీటర్లు తప్పితే వ్యాసార్ధంలో మీటరుకు పైగా తప్పు చేరుతుంది. 42 మీటర్ల తాడుతో అదే 5 సెంటీమీటర్ల తప్పు జరిగితే వ్యాసార్ధం 20 సెంటీమీటర్లే తేడా పడుతుంది. ఇక వ్యాసార్ధంలో నూటికి ఒక వంతు తప్పితే కంచెలోనూ ఒక వంతే తప్పుతుంది గానీ, వైశాల్యంలో రెండు వంతులు తప్పుతుంది. వీలైన చోట నాలుగు దిక్కులా వ్యాసం కొలిచి చూడటం ఇంకా మంచిది. ఒక దిక్కున 70, ఇంకో దిక్కున 66 వస్తే ఆ పార్కు కాగితం మీద తప్ప ఎక్కడా గుండ్రంగా లేదన్నమాట.

బడిలో 22/7 వాడాలా, 3.14 వాడాలా అన్నదాని మీద ఎంతో పట్టుదల చూపిస్తారు. పార్కు దగ్గర ఆ తేడాకు విలువ లేదు. అసలు పై విలువకూ 22/7కూ ఉన్న తేడా వల్ల 220 మీటర్ల కంచెలో 9 సెంటీమీటర్లు, 3,850 చదరపు మీటర్లలో ఒకటిన్నర చదరపు మీటరు మాత్రమే మారతాయి. ఆ శ్రద్ధ అంతా మట్టి లోతు మీద పెడితే లక్ష రూపాయలు మిగులుతాయి. ఆ లెక్క ముందు ముందు వస్తుంది.

కంచె సంగతికొస్తే, చుట్టుకొలత 220 మీటర్లు. గేటుకు 4 మీటర్లు వదిలితే జాలీ వేయాల్సింది 216 మీటర్లు. ఖర్చు 2,59,200 రూపాయలు. గేటును విడిగా ఒక రేటుకు తీసుకుని, కంచెను మళ్లీ 220 మీటర్లకూ లెక్కవేసిన బిల్లు వస్తే ఆ నాలుగు మీటర్లకు రెండుసార్లు డబ్బు ఇచ్చినట్టవుతుంది. స్తంభాల లెక్కలో ఒక చిన్న విశేషం ఉంది. తిన్నని కంచెలో ఖాళీల కన్నా స్తంభాలు ఒకటి ఎక్కువ. గేటు లేకుండా పూర్తిగా మూసిన వలయంలో ఎన్ని ఖాళీలో అన్నే స్తంభాలు. రెండున్నర మీటర్ల దూరంతో 220 మీటర్లకు సరిగ్గా 88. గేటు పెట్టాక వలయం తెగిపోయి మళ్లీ తిన్నని కంచె లెక్కే వర్తిస్తుంది. 216 మీటర్లను 87 ఖాళీలుగా పంచితే స్తంభాలు 88, ఒక్కో ఖాళీ రెండున్నర మీటర్ల కన్నా రెండు సెంటీమీటర్లు తక్కువ.

వంపు మీద వేసే కంచెకు తిన్నని కంచెకు లేని ఒక ఇబ్బంది ఉంది. జాలీని, దానిలో నడిచే తీగలను బిగించినప్పుడు అవి తిన్నగా సాగాలని చూస్తాయి. దాంతో ప్రతి స్తంభమూ పార్కు లోపలి వైపుకు లాగబడుతుంది. మన పార్కు వంపుకు ఆ లాగుడు తీగ బిగింపులో నూటికి ఏడు వంతులు. ఒక్క తీగకు అది కొంచెమే గానీ, పై నుంచి కింది దాకా అన్ని తీగలదీ కలిసి ఏళ్ల తరబడి లాగుతుంది. అందుకే జాలీని స్తంభాలకు బయటి ముఖాన కట్టాలి. అలా కడితే బిగువు జాలీని స్తంభానికే అదుముతుంది. లోపలి ముఖాన కడితే ఆ బలమంతా కట్టుతీగల మీద పడి, అవి ఒక్కొక్కటే ఊడుతూ వస్తాయి. ఏటవాలు ఊతాలు కూడా లోపలి వైపునే ఉండాలి. ఇలాంటి కంచె వంగడం మొదలైతే ముందు లోపలికే వంగుతుంది. స్తంభాల వరుస పక్కన నిలబడి చూస్తే, పైకొసలు కేంద్రం వైపు ఒరిగి ఉంటే పునాది గుంటలు లోతు చాలలేదనో ఊతాలు తక్కువ పడ్డాయనో అర్థం.

ఇక బాట. ఇక్కడే గీతలు రెండవుతాయి, పొరపాట్లకూ ఇక్కడే చోటుంటుంది. బాట కంచెకు లోపల ఉంటే బయటి అంచు వ్యాసార్ధం 35 మీటర్లు, లోపలి అంచుది 31.5. పెద్ద వృత్తం వైశాల్యం 3,850 నుంచి చిన్న వృత్తం వైశాల్యం 3,118.5 తీసేస్తే బాట 731.5 చదరపు మీటర్లు. పరీక్షల్లో పిల్లలు వ్యాసార్ధాలను ముందే తీసివేసి, మిగిలిన మూడున్నరను వర్గం చేస్తుంటారు. అలా చేస్తే 38.5 చదరపు మీటర్లు వస్తుంది. 220 మీటర్లు చుట్టివచ్చే బాట ఒక చిన్న గదంత ఎలా ఉంటుందని ఒక్క క్షణం ఆలోచిస్తే తప్పు దొరికిపోతుంది. పెద్దలు చేసే తప్పు ఇంత తేలిగ్గా దొరకదు. వాళ్లు కంచె పొడవునే తీసుకుని వెడల్పుతో గుణిస్తారు. 220ని మూడున్నరతో గుణిస్తే 770. అసలు కన్నా 38.5 చదరపు మీటర్లు ఎక్కువ, మనం అనుకున్న రేటుకు 30,800 రూపాయలు. బిల్లులో ఆ అంకె సహజంగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ అడగరు.

దీనికి ఒక అందమైన దగ్గరిదారి ఉంది. బాట నడిమధ్యన ఒక గీత గీసినట్టు ఊహించి, ఆ గీత పొడవును వెడల్పుతో గుణిస్తే చాలు. నడిమి గీత వ్యాసార్ధం 33.25 మీటర్లు, పొడవు 209 మీటర్లు. 209ని మూడున్నరతో గుణిస్తే అదే 731.5. ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన లెక్క. బాట వేసేశాక కొలవాలన్నా ఇదే సులువు: నడిమధ్యన చక్రం దొర్లించి ఒక చుట్టు తిరిగితే చాలు.

ఈ దారి మనకు కొత్తది కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో వలయాల వైశాల్యానికి ఇదే సూత్రం ఉంది. వృత్తానికి బయట వ్యాపించే వలయాన్ని బహిశ్చక్రవాళమనీ, లోపలికి వ్యాపించేదాన్ని అంతశ్చక్రవాళమనీ ఆయన విడదీశాడు. బయటి వలయానికి వ్యాసానికి వెడల్పు కలపాలి, లోపలి వలయానికి వ్యాసంలోంచి వెడల్పు తీసివేయాలి. వచ్చినదాన్ని మూడుతోనూ వెడల్పుతోనూ గుణించాలి. పై విలువను స్థూలంగా మూడు అనుకోవడం తప్పిస్తే, అది నడిమి గీత పద్ధతే. పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చిన గణితగ్రంథం ఇదే. వలయం బయటిదా లోపలిదా అన్న ప్రశ్నను ఆయన సూత్రంలోనే పెట్టడం గమనించదగ్గది. మన కాలనీ కొటేషన్లలో చాలా వాటికి ఆ స్పష్టత లేదు.

బాటను కంచె గీతకు బయట వేస్తే ఏమవుతుందో చూడండి. బయటి అంచు వ్యాసార్ధం 38.5కు పెరుగుతుంది. బాట 808.5 చదరపు మీటర్లవుతుంది. కంచెను కూడా బాటకు అవతలికి జరిపితే దాని పొడవు 242 మీటర్లు. సరిగ్గా 22 మీటర్లు ఎక్కువ. పార్కు ఎంత పెద్దదైనా చిన్నదైనా మూడున్నర మీటర్ల బాటకు పెరిగే కంచె ఆ 22 మీటర్లే. వ్యాసార్ధంతో దానికి పని లేదు. బాట అంచుల్లో రాళ్లు రెండు వైపులా పెట్టాలి. లోపలి బాటకు 198, 220 కలిపి 418 మీటర్లు, బయటి బాటకు 220, 242 కలిపి 462 మీటర్లు. కంచె, బాట, అంచు రాళ్లు మూడూ కలిపితే లోపలి బాటకు 10,11,600 రూపాయలు, బయటి బాటకు 11,17,200. చదును చేయాల్సిన పచ్చిక జాగా కూడా 3,118.5 నుంచి 3,850 చదరపు మీటర్లకు పెరుగుతుంది. ‘పార్కు చుట్టూ బాట’ అని రాసి వదిలేసిన కొటేషన్‌ను ఒకరు లోపలిదిగా, మరొకరు బయటిదిగా చదువుకుంటే రేట్లు ఒకటే అయినా మొత్తాలు కలవవు. బాట లోపలి అంచు, బయటి అంచు వ్యాసార్ధాలు రెండూ రాయించుకుంటే ఆ పేచీ ఉండదు.

బాట మీద పరిచే సిమెంటు బ్లాకులు నలుచదరంగా ఉంటాయి, బాట మాత్రం వంపు తిరుగుతుంది. బయటి అంచు లోపలి అంచు కన్నా 22 మీటర్లు పొడవు. వరుసలు వంపుతో పాటు తిప్పితే బయటి అంచు వైపు బ్లాకుల మధ్య సందులు తెరుచుకుంటాయి, వాటిలో ఇసుక నిలవదు. తిన్నగా పరుచుకుపోయి అంచుల్లో బ్లాకులు కోస్తే సందులు రావు గానీ ముక్కలు వృథా అవుతాయి. ఆ వృథా రేటులో కలిసి ఉండాలి తప్ప కొలతలో చేరకూడదు. పరిచిన వైశాల్యం ఎంతైనా 731.5 దాటదు.

చదును దగ్గరికి వచ్చేసరికి కొలతే మారిపోతుంది. చదరపు మీటరుకు ఇంత అని రేటు చెప్పేవారు లోపల ఒక లోతును ఊహించుకునే చెబుతారు. అక్కడక్కడా గడ్డి చెక్కి ఎత్తుపల్లాలు సరిచేయడం వేరు, గుంటను పూడ్చడం వేరు. మన పార్కు బాట అంచు దగ్గర సరైన మట్టంలో ఉండి, అక్కడినుంచి మధ్యకు వాలుతూ పోయి సరిగ్గా కేంద్రంలో 60 సెంటీమీటర్ల లోతు ఉందనుకుందాం. అంచున సున్నా, మధ్యన 60. సగటు 30 సెంటీమీటర్లని ఎవరైనా ఠక్కున అంటారు. 3,118.5 చదరపు మీటర్లకు 30 సెంటీమీటర్ల చొప్పున 935 క్యూబిక్ మీటర్ల మట్టి, 3,74,000 రూపాయలు.

ఆ సగటు తప్పు. ఆ గుంట ఆకారం తిరగేసిన శంకువుది. శంకువు ఘనపరిమాణం అడుగు వైశాల్యాన్ని ఎత్తుతో గుణించినదాంట్లో మూడో వంతే. కాబట్టి సగటు లోతు 20 సెంటీమీటర్లు, మట్టి 624 క్యూబిక్ మీటర్లు, ఖర్చు సుమారు 2,49,600. ఒక్క సగటు దగ్గర పొరపడితే లక్షా పాతికవేలు పోయేవి. కారణం కేంద్రం దగ్గరి లోతైన జాగా నిజానికి చాలా కొంచెం. వ్యాసార్ధంలో సగం దాకా గీసిన వృత్తంలో మొత్తం వైశాల్యం నాలుగో వంతు మాత్రమే ఉంటుంది. మిగతా మూడు వంతులూ బయటి సగంలో, లోతు తక్కువున్న చోటే ఉంటాయి.

అలాగని ప్రతి గుంటకూ మూడో వంతు సూత్రం వేసేయకూడదు. వాలు ఒకే తీరుగా కాకుండా అడుగున గుండ్రంగా వంగి ఉంటే సగటు లోతు సగానికి దగ్గర పడుతుంది. అడుగు చదునుగా ఉండి అంచులు నిటారుగా ఉంటే సగటు దాదాపు పూర్తి లోతే. అందుకే ఆటో లెవెల్‌తోనో, చిన్న పనైతే మేస్త్రీలు వాడే నీటి గొట్టంతోనో, జాగా అంతటా ఐదేసి మీటర్లకు ఒక చోట మట్టం చూడాలి. చదరపు గడుల్లో చూస్తే ప్రతి పాయింటుకూ ఒకే విలువ ఉంటుంది. అంచున వృత్తం కోసేసిన గడులను మాత్రం ముక్క మేరకే లెక్కించాలి. కేంద్రం నుంచి వలయాలుగా చూస్తే బయటి వలయం రీడింగులకు ఎక్కువ బరువివ్వాలి. అన్నిటినీ కూడి సంఖ్యతో భాగించేస్తే మళ్లీ అదే పొరపాటు.

ఇంకొకటి తరచూ మరిచిపోతారు. పార్కును అచ్చంగా సమతలంగా చేస్తే వాన నీరు ఎటూ పోక అక్కడే నిలుస్తుంది. కేంద్రం నుంచి బాట వైపు వందకు ఒకటి చొప్పున వాలు పెట్టాలంటే 31.5 మీటర్ల దూరానికి మధ్యలో 31.5 సెంటీమీటర్లు ఎత్తు రావాలి. ఈసారి అది నిలబెట్టిన శంకువు. దానికి మరో 327 క్యూబిక్ మీటర్ల మట్టి పడుతుంది. రెండూ కలిపి 951, ఖర్చు 3,80,400. మొత్తం పార్కు పని అప్పుడు 13,92,000 రూపాయలకు చేరుతుంది. నీరు బాట కింద నుంచో పక్క నుంచో బయటికి పోయే దారులు అంచు రాళ్లలో వదలాలి, లేకపోతే బాటే ఆనకట్ట అవుతుంది.

మట్టిని ట్రిప్పుల లెక్కన కొనేవారికి ఇంకో మెలిక ఉంది. తవ్వి తెచ్చిన మట్టి వదులుగా ఉంటుంది, రోలర్ తిరిగాక అణిగిపోతుంది. అణిగాక 951 క్యూబిక్ మీటర్లు కావాలంటే, ఐదో వంతు ఎక్కువ వేసుకుని 1,140 దాకా తోలాలి. ట్రాక్టర్ ట్రాలీకి 3 క్యూబిక్ మీటర్లు పడుతుందనుకుంటే 380 ట్రిప్పులు. ట్రిప్పులు సరిగ్గానే లెక్కపెట్టినా ట్రాలీ నిండుగా వచ్చిందో ముప్పావు వచ్చిందో రాత్రిపూట ఎవరూ చూడరు. పైగా అణిచిన మట్టి కొలతకు ఒప్పుకున్న రేటును తోలిన వదులు మట్టికి వేస్తే బిల్లు ఐదో వంతు పెరుగుతుంది. రేటు ఏ స్థితిలోని మట్టికో ముందే కాగితం మీద ఉండాలి.

అణిచిన మట్టిని కొలిచే పద్ధతి ఒక్కటే: పని తర్వాతి మట్టాల్లోంచి పనికి ముందటి మట్టాలు తీసివేయడం. మొదటి ట్రాలీ దిగకముందే మట్టాలన్నీ చూసి, ప్రభుత్వ పనైతే ఎం-బుక్‌లో, కాలనీ పనైతే సంఘం రిజిస్టర్‌లో రాసి ఇరుపక్షాలూ సంతకాలు చేయాలి. ఒకసారి మట్టి పరిచేశాక కింద గుంట ఎంత ఉండేదో తేల్చడానికి మళ్లీ తవ్వి చూడటం తప్ప దారి లేదు. ముందటి మట్టాలు బాట అంచు మీదో కంచె పునాది మీదో ఒక మారని గుర్తుతో పోల్చి ఉండాలి. ట్రాలీలు తొక్కి కదిలిపోయే మేకును ఆధారం చేసుకుంటే రెండో కొలత పనికిరాదు.

పోసే తీరు కూడా కొలతను మారుస్తుంది. 15, 20 సెంటీమీటర్ల పొరలుగా పోసి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పుతూ పోతే మట్టి అక్కడే నిలుస్తుంది. ఒకేసారి కుప్పలు దించి జేసీబీతో నెట్టేస్తే పైన రోలర్ తిరిగినా అడుగున వదులుగానే ఉంటుంది. గట్టిగా అణిచిన మట్టిలోకి గునపం కష్టంగా దిగుతుంది. పైన గట్టిగా తగిలి ఒక జానెడు దిగాక సులువుగా జారిపోతే కింది పొర అణగలేదని తెలుస్తుంది. నల్లరేగడి నేలల్లో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఆ మట్టి వానలకు ఉబ్బి ఎండలకు పగుళ్లిస్తుంది. బాట కింద దాన్ని కొంత లోతు తీసి గ్రావెలో మొరమో వేయకపోతే బ్లాకులు లేచి ఎగుడుదిగుడవుతాయి.

అందుకే చివరి బిల్లులో కొంత సొమ్ము ఒక వానాకాలం గడిచేదాకా ఆపి ఉంచే షరతును ఒప్పందంలోనే రాసుకోవడం మేలు. వానలు తగ్గాక అవే పాయింట్లలో, అదే గుర్తును ఆధారం చేసుకుని మట్టం మళ్లీ చూడాలి. సగటున 5 సెంటీమీటర్లు దిగితే 3,118.5 చదరపు మీటర్ల మీద అది 156 క్యూబిక్ మీటర్ల మట్టి, మన రేటుకు 62,400 రూపాయలు.